ఇంటర్వ్యూలో “పెళ్ళెప్పుడు?” అని అడిగితే మర్యాద తప్పకుండా ఏమి చెప్పాలి?

స్వర్ణముఖి (తిరుపతి), ఆదివారం ఉదయం 9:40

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 27. ఎం.కాం. తరువాత తిరుపతిలో ఒక ఆడిటర్ గారి కార్యాలయంలో మూడేళ్ళుగా పనిచేస్తున్నాను. గత మంగళవారం రేణిగుంట వైపు ఉన్న ఒక తయారీ సంస్థలో అకౌంట్స్ ఉద్యోగానికి మొదటి ఇంటర్వ్యూకు వెళ్ళాను. జీతం నెలకు 19,500 రూపాయలని చెప్పారు. ఇరవై నిమిషాలు పని గురించే అడిగారు. జీఎస్టీఆర్-2బిలో కనిపించే మొత్తానికి, మన కొనుగోళ్ళ రిజిస్టరుకు తేడా వస్తే ఎలా సరిచూస్తారని అడిగినప్పుడు నేను చెప్పిన సమాధానం వారికి నచ్చిందనే అనుకుంటున్నాను.

ఆ తరువాత అక్కడున్న పెద్దాయన నా ఫైలు మూసి, కళ్ళజోడు తీసి దానిమీద పెట్టి, “ఇంట్లో సంబంధాలు చూస్తున్నారా అమ్మా? ఇరవై ఏడంటే ఇక ఆలస్యం చేయరు కదా?” అన్నారు. పక్కనున్న హెచ్‌ఆర్ మేడం తల వంచుకుని కాగితం మీద ఏదో రాసుకుంటున్నారు. నేను కంగారులో “లేదు సార్, రెండేళ్ళ వరకు ఆ ఆలోచనే లేదు” అనేశాను. అది నిజం కాదు. ఇంట్లో చూస్తున్నారు. బెంగళూరులో పనిచేసే అబ్బాయి జాతకం కుదిరింది, వచ్చే నెల వాళ్ళు చూడటానికి వస్తున్నారు.

శుక్రవారం రెండో ఇంటర్వ్యూ ఉంది. ఆయన మళ్ళీ అడుగుతారనిపిస్తోంది. ఆయన కోపంగానో ఎగతాళిగానో అడగలేదు, మా పెదనాన్న అడిగినట్లే అడిగారు. అందుకే “అది మీకు అనవసరం” అనడానికి నోరు రాదు. అలాగని ఇంకోసారి అబద్ధం చెప్పడమూ నాకు ఇష్టం లేదు. ఏ మాటలతో చెప్పాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

అలిపిరి మెట్లు, ఆదివారం ఉదయం 10:25

తల్లీ, ఉద్యోగం కోసం పెళ్ళిని వాయిదా వేసుకోవద్దు. జాతకం కుదిరిన సంబంధాన్ని వదులుకుంటే మళ్ళీ అంత మంచిది దొరుకుతుందో లేదో తెలియదు. మా పెద్దమ్మాయి విషయంలో మేము ఆ పొరపాటే చేశాము, ఇప్పటికీ ఇంట్లో ఆ బాధ ఉంది. బెంగళూరులో అకౌంట్స్ ఉద్యోగాలకు కొదవ లేదు. ముందు ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చుని మాట్లాడుకోండి.

స్వర్ణముఖి, ఆదివారం ఉదయం 10:50

మీరు అభిమానంతో చెప్పారు, ధన్యవాదాలు. అయితే పెళ్ళి వాయిదా వేయాలా అన్నది నా ప్రశ్న కాదండి. ఇంటర్వ్యూ గదిలో ఆ ప్రశ్న వచ్చినప్పుడు నోటినుంచి ఏ మాట రావాలన్నదే తెలుసుకోవాలనుకుంటున్నాను.

న్యాయ విద్యార్థి (చంద్రగిరి), ఆదివారం మధ్యాహ్నం 12:15

ఆ ప్రశ్న అడగడమే చట్టవిరుద్ధం. రాజ్యాంగంలోని 15వ అధికరణం లింగ వివక్షను నిషేధించింది, 16వ అధికరణం ఉద్యోగాల్లో సమాన అవకాశం ఇచ్చింది. కాబట్టి మీరు “సార్, ఈ ప్రశ్న అడిగే హక్కు మీకు లేదు” అని స్పష్టంగా చెప్పవచ్చు. ఉద్యోగం రాకపోతే కార్మిక శాఖకు ఫిర్యాదు చేయండి. హెచ్‌ఆర్ మేడం తల వంచుకున్నారంటేనే అది తప్పని ఆమెకు తెలుసునని అర్థం.

పాత పర్సనల్ ఆఫీసరు (తిరుపతి), ఆదివారం సాయంత్రం 5:30

నేను పందొమ్మిదేళ్ళు ఫ్యాక్టరీల పర్సనల్ విభాగాల్లో పనిచేసి విరమించాను. అందులో ఎక్కువ కాలం సత్యవేడు వైపే గడిచింది. నియామకాల బల్లకు అవతలి వైపు కూర్చున్నవాడిగా రెండు విషయాలు చెబుతాను.

మొదటిది చట్టం సంగతి. న్యాయ విద్యార్థి గారి ఉద్దేశం మంచిదే గాని, ఆ వాక్యాన్ని నమ్ముకుని గదిలోకి వెళ్తే ఈ అమ్మాయి ఇబ్బంది పడుతుంది. 15, 16 అధికరణాలు ప్రధానంగా ప్రభుత్వాన్ని, ప్రభుత్వ సంస్థలను కట్టడి చేసేవి. ప్రైవేటు యజమాని నోటితో “పెళ్ళెప్పుడు” అని అడగడాన్నే నేరంగా పేర్కొన్న సెక్షను లేదు. చట్టం నిషేధించేది ఆ తరువాతి అడుగును, అంటే ఒకే రకమైన పనికి ఆడవారన్న కారణంతో ఉద్యోగం నిరాకరించడాన్ని. 1976 నాటి సమాన వేతన చట్టంలోని 5వ సెక్షను ఆ మాట చెప్పింది, 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్‌లోని 3వ సెక్షనులోనూ అదే ఉంది. 2024 జూన్‌లో, మనకు దగ్గరలోనే ఉన్న శ్రీపెరుంబుదూరులోని ఒక కర్మాగారంలో పెళ్ళైన ఆడవారిని తీసుకోవడం లేదని వార్తలు వచ్చినప్పుడు, కేంద్ర కార్మిక శాఖ ఆ 5వ సెక్షనునే ఎత్తిచూపి తమిళనాడు ప్రభుత్వాన్ని నివేదిక అడిగింది. కాని ఒక్క అభ్యర్థి విషయంలో నిరూపించడం ఎంత కష్టమో ఆలోచించండి. “మీకు పెళ్ళవుతుంది గనుక తీసుకోలేదు” అని ఏ సంస్థా రాసివ్వదు, “మీకన్నా అనుభవం ఉన్నవారు దొరికారు” అంటుంది.

రెండోది అసలు విషయం. మన ప్రాంతంలో ఈ ప్రశ్న చుట్టరికపు మాటగా వస్తుంది. బస్సులో పక్కసీటు పెద్దావిడ అడిగితే మనకు ఏమీ అనిపించదు. ఆయన “అమ్మా” అని పిలిచి అడిగినప్పుడు ఆ అమ్మాయి కూడా ఇంటి పిల్లలా మారిపోయి, ఇంట్లో ఇచ్చే సమాధానమే ఇచ్చేసింది. కాని ఆ గదిలో ఆ ప్రశ్న వెనుక ఒక లెక్క ఉంటుంది: ఈమె ఎన్నాళ్ళు ఉంటుంది, పని మధ్యలో ఆగిపోతుందా? కాబట్టి ఆయన పిలుపులోని ఆత్మీయతను ఆత్మీయంగానే స్వీకరించి, సమాధానం మాత్రం ఆ లెక్కకే ఇవ్వాలి. పెళ్ళి గురించి అవుననీ కాదనీ ఏమీ చెప్పకూడదు.

అకౌంట్స్ పనికి గడువులే ప్రాణం కదా. నెల 7వ తేదీకి టీడీఎస్ కట్టాలి, 11కి జీఎస్టీఆర్-1, 20కి 3బి వేయాలి. ఈ మూడు తేదీలే నీకు బలం. అమ్మా, నీవు ఈ విధంగా చెప్పవచ్చు:

“అభిమానంగా అడిగారు సార్. నేను నిలకడగా ఉంటానా అన్నది మీ ఆలోచనైతే ఒక మాట చెబుతాను. ఇప్పుడున్న చోట మూడేళ్ళు పూర్తయ్యాయి. 7, 11, 20 తేదీల గడువుల్లో ఒక్కటీ నావల్ల దాటలేదు. సెలవు కావలసి వచ్చినప్పుడు ముందుగా చెప్పి, పనిని ఇంకొకరికి అప్పగించే వెళ్ళాను. ఇక్కడ మార్చి నెలాఖరు పనిని ఎంతమంది పంచుకుంటారో తెలుసుకోవచ్చా సార్?”

చివర ప్రశ్న ఉండటం ముఖ్యం. ప్రశ్న లేకుండా ఆపితే గదిలో నిశ్శబ్దం వస్తుంది, ఆ నిశ్శబ్దాన్ని నింపడానికి అభ్యర్థి తనంతట తానే “అంటే, ఇంట్లో చూస్తున్నారు గాని…” అని మొదలుపెడుతుంది. నేను చూసిన ఇంటర్వ్యూల్లో ఎక్కువ మంది అక్కడే జారారు. ఆయన మార్చి నెల సంగతి అందుకున్నారంటే విషయం ముగిసినట్లే. ఒకవేళ “అది సరేనమ్మా, పెళ్ళి సంగతి చెప్పు” అని మళ్ళీ అక్కడికే వస్తే, “అది పెద్దవాళ్ళతో కలిసి నిర్ణయమయ్యే విషయం సార్, చెప్పడానికి నా దగ్గర తేదీ ఏదీ లేదు” అని అక్కడితో ఆపాలి. నీ విషయంలో ఇది నిజమే కదా, చూడటానికి వస్తున్నారే గాని ఏదీ నిశ్చయం కాలేదు.

ఇక వయసు గురించి. “ఇరవై ఏడా?” అంటే “అవును సార్” అని ఊరుకోవాలి. పదో తరగతి సర్టిఫికెట్టులో పుట్టినతేదీ ఉంటుంది, రేపు పీఎఫ్, ఈఎస్‌ఐ కాగితాలకూ అదే కావాలి. దాన్ని దాచినా తగ్గించినా అసలు తప్పు అక్కడ మొదలవుతుంది. సంజాయిషీలా ఏదీ జోడించవద్దు.

మొదటిసారి చెప్పిన రెండేళ్ళ మాట సంగతి కూడా చూసుకోవాలి. ఆయన గుర్తుచేస్తే తప్ప నీవు ఎత్తవద్దు. గుర్తుచేస్తే మాత్రం “ఆ రోజు తొందరపడి ఒక గడువు చెప్పాను సార్, అలా చెప్పకుండా ఉండవలసింది, అది నా ఒక్కరి చేతిలో ఉన్నది కాదు” అని ఒప్పుకుని, వెంటనే పని మాటకు రావాలి. ఆ ఒప్పుకోలు నీ మీద నమ్మకాన్ని తగ్గించదు. పెళ్ళి శుభలేఖతో ఆ అబద్ధం బయటపడితే తగ్గిస్తుంది.

మస్కట్ నుంచి పుత్తూరు, ఆదివారం రాత్రి 8:10

ఇది ఆడవారి సమస్య అనుకుంటారు గాని మాకూ ఉంది. నాకు 43. పదకొండేళ్ళు మస్కట్‌లో స్టోర్స్ పని చేసి వచ్చాను. ఈ ఏడాది నాలుగు చోట్ల ఇంటర్వ్యూలకు వెళితే మూడు చోట్ల “ఈ వయసులో కుర్రవాళ్ళ కింద పనిచేయగలరా?” అని అడిగారు. ఒకచోట నన్ను అడిగినవాడికి ముప్పై కూడా ఉండవు. “వయసుతో పనేముంది, పని చూడండి” అన్నాను. మరునాడు ఫోను రాలేదు. పాత ఆఫీసరు గారూ, వయసు కారణంగా తీసుకోకపోతే అడ్డుకునే చట్టం ఉందా?

పాత పర్సనల్ ఆఫీసరు, ఆదివారం రాత్రి 9:05

ప్రైవేటు ఉద్యోగాల్లో ఫలానా వయసు దాటినవారిని తీసుకోకపోవడాన్ని నిషేధించే సాధారణ చట్టం మన దేశంలో లేదు తమ్ముడూ. ఆడవారికి ఉన్నపాటి రక్షణ కూడా మీకు ఇక్కడ లేదు.

మీ సమాధానంలో తప్పు లేదు గాని, అది వాళ్ళ సందేహాన్ని అలాగే వదిలేసింది. వాళ్ళు అడిగినది వయసు గురించి కాదు, చిన్నవాడు చెబితే వింటారా అని. మస్కట్‌లో మీకన్నా చిన్నవాడైన సూపర్‌వైజరు కింద పనిచేసిన సందర్భం ఉంటే, అప్పుడు స్టాకు లెక్కలో వచ్చిన ఒక తేడాను ఆయనతో కలిసి ఎలా తేల్చారో చెప్పండి. అటువంటి సందర్భం లేకపోతే కల్పించవద్దు. “ఎవరు ఇన్‌ఛార్జి అయితే ఆయన సంతకమే నాకు ప్రమాణం” అనండి, చాలు.

నీవానది ఒడ్డు (చిత్తూరు), సోమవారం ఉదయం 7:20

నాది చిన్న మామిడి గుజ్జు యూనిట్టు. యజమాని వైపు మాట కూడా వినాలని రాస్తున్నాను. నేనూ ఈ ప్రశ్న అడిగినవాడినే.

మాకు మే నుంచి జూలై వరకు సీజను. తోతాపురి లారీలు రాత్రంతా వస్తూనే ఉంటాయి, తూకం చీట్లు, రైతుల చెల్లింపులు ఏ రోజువి ఆ రోజు తేలకపోతే గేటు దగ్గర గొడవవుతుంది. రెండేళ్ళ క్రితం మా అకౌంటెంటు అమ్మాయి జూన్‌లో పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. మంచి అమ్మాయి, పెళ్ళికి మేమంతా వెళ్ళాము. కాని ఆ నెల నేనూ మా ఆవిడా తెల్లవారుజాము దాకా చీట్లు రాసుకున్నాము. దానికితోడు ప్రసూతి సెలవంటే ఇరవై ఆరు వారాలు కూర్చోబెట్టి జీతం ఇవ్వాలి కదా. పెద్ద కంపెనీలు తట్టుకుంటాయి, మాలాంటివారు ఎలా తట్టుకోవాలి? అందుకే ముందే అడుగుతాము. అవమానించాలని కాదు.

పాత పర్సనల్ ఆఫీసరు, సోమవారం ఉదయం 11:45

మీరు దాచకుండా రాసినందుకు సంతోషం. అయితే జీతం భారం లెక్క మీరు అనుకున్నట్లు ఉండదు.

మీ దగ్గర పదిమంది, అంతకు పైన పనిచేస్తూ ఈఎస్‌ఐ కింద నమోదై ఉంటే, నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారంతా అందులోకి వస్తారు. ఈ అమ్మాయికి చెప్పిన 19,500నే తీసుకోండి. యజమాని వాటా నూటికి మూడుంపావు, అంటే నెలకు 634 రూపాయలు. ఉద్యోగి వాటా నూటికి ముప్పావు, అంటే 147. ఈ డబ్బు మగవారికైనా ఆడవారికైనా మీరు నెలనెలా కడుతూనే ఉంటారు. ఆమె ప్రసూతి సెలవు తీసుకున్నప్పుడు ఆ ఇరవై ఆరు వారాల భత్యాన్ని ఈఎస్‌ఐ కార్పొరేషనే చెల్లిస్తుంది, మీరు విడిగా జీతం ఇవ్వనక్కరలేదు. దానికి ఆమె పేరున అంతకు ముందు రెండు చందా కాలాల్లో కనీసం డెబ్బై రోజుల చందా ఉండాలి. జీతం 21,000 దాటితే మాత్రం మీరన్నది నిజమే: ప్రసవానికి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసిన ఉద్యోగికి యజమానే చెల్లించాలి.

ఆమె లేని లోటు మిగులుతుంది, కాదనను. మీకు కావలసింది సీజనులో మనిషి ఉండటమైతే, ఆ మాటే సూటిగా అడగండి: “మే నుంచి జూలై వరకు సెలవులు దొరకవు, నోటీసు రెండు నెలలు, ఇది మీకు కుదురుతుందా?” ఇదే ప్రశ్న మగవారినీ అడగవచ్చు. సీజను మధ్యలో వదిలి బెంగళూరు వెళ్ళిన కుర్రవాళ్ళను నేను చాలామందిని చూశాను, వాళ్ళను ఎవరూ పెళ్ళి సంగతి అడగలేదు.

అమ్మా స్వర్ణముఖీ, ఈ ఈఎస్‌ఐ లెక్క నీకు తెలిసి ఉండటం మంచిదే గాని ఇంటర్వ్యూలో నీవై ఎత్తవద్దు. ప్రసూతి మాట ఆయన అనకముందే నీవు అంటే, లేని ఆలోచన పెట్టినట్లవుతుంది.

కపిలతీర్థం (తిరుపతి), సోమవారం మధ్యాహ్నం 2:30

చెల్లీ, నాకు 34. ఇలాంటి ఇంటర్వ్యూలు ఆరేడు చూశాను. ఆఫీసరు గారు చెప్పిన వాక్యాలు బాగున్నాయి. నాకు తేడా వచ్చేది ఒకచోటే. “నిలకడగా ఉంటానా అన్నది మీ ఆలోచనైతే” అని ఆడపిల్ల అంటే, కొందరు పెద్దవాళ్ళకు “నీ మనసులో ఉన్నది నాకు తెలుసు” అన్నట్లు వినిపిస్తుంది. నేను అంతకన్నా చిన్నగా, “ఉద్యోగం విషయంలో నా మాట ఇది సార్” అని మొదలుపెడతాను. ఆయన మనసులో ఏముందో మనం చెప్పనక్కరలేదు.

మాటలకన్నా ముందు ముఖం సంగతి. ఈ ప్రశ్న రాగానే మనం సిగ్గుతో నవ్వి తల వంచుతాము. అది చిన్నప్పటి నుంచి అలవాటైనది, తప్పు పట్టను. కాని ఎదుటివాళ్ళు ఆ నవ్వునే “ఉంది, చెప్పడం లేదు” అని చదువుకుంటారు. జీఎస్టీ ప్రశ్నకు ఎలా చూశావో దీనికీ అలాగే చూడు. నేను అద్దం ముందు కాదు, మా తమ్ముణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి అడిగించుకుని అలవాటు చేసుకున్నాను. మొదటి నాలుగుసార్లు నవ్వు ఆగలేదు. వాడు విసుక్కునే దాకా అడిగించుకున్నాను.

“అది పర్సనల్ సార్” అన్న మాట మాత్రం వాడవద్దు. ఇంగ్లీషులో ఎలా ఉంటుందో గాని, తెలుగు వాక్యంలో ఆ ఒక్క మాట తలుపు మూసిన చప్పుడులా పడుతుంది. “ఇంటి విషయం” అంటే సరిపోతుంది.

ఇంకొక జాగ్రత్త. నన్ను ఒకచోట “రెండేళ్ళు పెళ్ళి చేసుకోను” అని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు. నేను ఇంట్లో అడిగి చెబుతానని వచ్చేసి మళ్ళీ వెళ్ళలేదు. అది చెల్లుతుందా లేదా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

న్యాయ విద్యార్థి, సోమవారం సాయంత్రం 6:40

ఆఫీసరు గారు చెప్పింది నిజం. ప్రైవేటు సంస్థలకు 15, 16 అధికరణాలను నేరుగా వర్తింపజేయడం నా పొరపాటు. అక్కా, మీ కాగితం విషయంలో మాత్రం నిశ్చయంగా చెప్పగలను. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 26వ సెక్షను ప్రకారం, మైనర్లు తప్ప ఇంకెవరైనా పెళ్ళి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం చెల్లదు. మీరు సంతకం పెట్టినా దానికి విలువ ఉండేది కాదు.

పుస్తకాల్లో చదివిన ఒక కేసు కూడా ఇక్కడికి సరిపోతుంది. ఎల్‌ఐసీలో చేరే ఆడవారికి ఇచ్చే డిక్లరేషన్ ఫారంలో నెలసరి తేదీలు, గర్భాల వివరాలు రాయాలని గడులు ఉండేవి. తప్పుగా రాసిందని ఒక ఉద్యోగినిని ప్రొబేషనులోనే తొలగించారు. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి తీసుకోమని, ఆ గడులనే ఫారం నుంచి తీసేయమని చెప్పింది.

పాత పర్సనల్ ఆఫీసరు, సోమవారం రాత్రి 8:15

మంచి కేసు గుర్తుచేశారు. అయితే అది ప్రభుత్వ రంగ సంస్థ అన్నది మరవవద్దు. దాన్ని చూసి ఫారంలో ఏమి రాసినా ఫరవాలేదని కూడా అనుకోవద్దు. దరఖాస్తులో “వివాహిత, అవివాహిత” అన్న గడి ఉంటే ఆ రోజుకు ఉన్న నిజం రాయాలి. నోటితో అడిగిన ప్రశ్నకు సమాధానం ఇవ్వకుండా తప్పించుకోవచ్చు గాని, సంతకం పెట్టే కాగితంలో అబద్ధం ఉంటే తరువాత తొలగించడానికి వాళ్ళకు సాకు దొరుకుతుంది. కపిలతీర్థం గారు చెప్పిన ఆరంభ వాక్యం నాదానికన్నా నయం. అది తీసుకో అమ్మా.

స్వర్ణముఖి, మంగళవారం రాత్రి 9:30

అందరికీ కృతజ్ఞతలు. మా చెల్లెలితో రెండు రోజులుగా అడిగించుకుంటున్నాను. ఒక సందేహం మిగిలింది. బెంగళూరు సంబంధం కుదిరితే నేను ఏడాదిలోపే ఇక్కడినుంచి వెళ్ళవలసి రావచ్చు. ఇది తెలిసి కూడా “నిలకడ” గురించి మాట్లాడటం న్యాయమేనా? వాళ్ళు నన్ను నమ్మి ఇంకొకరిని వద్దనుకుంటారు కదా.

నీవానది ఒడ్డు, బుధవారం ఉదయం 6:50

నాకైతే చెప్పాలనే అనిపిస్తుందమ్మా. “ఏడాది తరువాత వెళ్ళవచ్చు” అని చెప్పిన మనిషిని నేను సీజను వరకైనా నమ్మకంగా పెట్టుకుంటాను. చెప్పకుండా వెళ్ళినవారిని మరచిపోలేము. ఆఫీసరు గారి ఈఎస్‌ఐ లెక్క మా కన్సల్టెంటును అడిగి చూశాను, నిజమేనన్నారు. ఇన్నాళ్ళూ కడుతూ కూడా ఆ సంగతి నాకు తెలియదు.

కపిలతీర్థం, బుధవారం ఉదయం 10:15

నేను ఒప్పుకోను. చూడటానికి రావడం పెళ్ళి కాదు. నాకు అలా పదకొండు సంబంధాలు వచ్చి వెళ్ళాయి. ప్రతిదానికీ యజమానికి చెప్పి ఉంటే ఒక్క ఉద్యోగమూ వచ్చేది కాదు. ఇంకో చోట ఎక్కువ జీతం కోసం ప్రయత్నిస్తున్న కుర్రవాడు ఆ సంగతి ఇంటర్వ్యూలో చెబుతాడా?

పాత పర్సనల్ ఆఫీసరు, బుధవారం మధ్యాహ్నం 12:40

ఇద్దరి మాటలోనూ పస ఉంది. నేను గీసుకునే గీత ఇది: నిశ్చయ తాంబూలాలు అయి, ఊరు మారడం ఖాయమైతే ఉద్యోగం తీసుకునేముందు చెప్పాలి. అంతవరకు చెప్పనక్కరలేదు గాని, లేని భరోసా ఇవ్వకూడదు. “అయిదేళ్ళు ఇక్కడే ఉంటాను” అనవద్దు. చేసిన మూడేళ్ళ గురించి చెప్పు, వెళ్ళవలసి వస్తే నోటీసు పూర్తిచేసి పని అప్పగిస్తానని చెప్పు. ఈ రెండూ నీ చేతిలో ఉన్నవి. ఇంకొకరు ఈ గీతను ఇంకోచోట గీయవచ్చు, వారిని తప్పనలేను.

స్వర్ణముఖి, శుక్రవారం రాత్రి 8:20

ఇంటర్వ్యూ అయింది. జరిగింది జరిగినట్లు రాస్తున్నాను.

పెద్దాయన ఈసారి ఏమీ అడగలేదు. అడిగింది హెచ్‌ఆర్ మేడం. నా దరఖాస్తు తిప్పుతూ, “ఇరవై ఏడు… మరి ముందుముందు ఫ్యామిలీ ప్లాన్స్ ఏమిటి? రోజూ తిరుపతి నుంచి వచ్చి వెళ్ళడానికి ఇంట్లో ఒప్పుకుంటారా?” అన్నారు. ఆమె అడుగుతారని నేను అనుకోలేదు, ఒక క్షణం మాట రాలేదు. నవ్వబోయి ఆపుకున్నాను. “వయసు ఇరవై ఏడే మేడం” అన్నాను. తరువాత “ఉద్యోగం విషయంలో నా మాట ఇది” అని మొదలుపెట్టి, మూడేళ్ళ సంగతి, 7, 11, 20 తేదీల సంగతి చెప్పాను. నోటీసు పూర్తిచేయకుండా ఎక్కడినుంచీ వెళ్ళనని కూడా అన్నాను. రాకపోకల గురించి మాత్రం సూటిగానే చెప్పాను: ఎనిమిదింటికి బస్సు ఎక్కితే తొమ్మిదిలోపు గేటు దగ్గర ఉంటాను, ఇంట్లో అభ్యంతరం లేదు. అది పనికి సంబంధించిన ప్రశ్నే అనిపించింది.

చివర మార్చి నెల ప్రశ్న అడగడం మరచిపోయాను. ఆఫీసరు గారు చెప్పినట్లే నిశ్శబ్దం వచ్చింది. చేతులు వణుకుతుంటే ఫైలు అంచు పట్టుకున్నాను గాని ఇంకేమీ మాట్లాడలేదు. అప్పుడు పెద్దాయనే “ఆడిటరు గారి దగ్గర 3బి ఎన్ని కంపెనీలకు వేస్తావమ్మా?” అని అడిగారు. ఇరవై రెండు అని చెప్పాను. అక్కడినుంచి మళ్ళీ పనిలోకే వెళ్ళిపోయాము. రెండేళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు.

వారంలో చెబుతామన్నారు. బెంగళూరు వాళ్ళు పదో తేదీన వస్తున్నారు. ముందు ఏది తేలుతుందో తెలియదు.

కపిలతీర్థం, శుక్రవారం రాత్రి 8:55

ఆ నిశ్శబ్దంలో ఊరుకున్నావు చూడు, నాకు అది నాలుగో ఇంటర్వ్యూ దాకా చేతకాలేదు చెల్లీ. ఆఫర్ వస్తే, చేరే తేదీ ఒప్పుకునేముందు నోటీసు కాలం ఎంతో రాతపూర్వకంగా అడిగి తీసుకో.

మస్కట్ నుంచి పుత్తూరు, శనివారం ఉదయం 7:05

శ్రీకాళహస్తి రోడ్డులో ఒక గోదాముకు సోమవారం పిలిచారు. ఇన్‌ఛార్జికి ఇరవై తొమ్మిదట. ఆఫీసరు గారు చెప్పిన వాక్యం మా అబ్బాయి చేత అడిగించుకుంటున్నాను.